అల్యూమినియం గిన్నె ఇండక్షన్ స్టవ్ మీద ఎందుకు వేడెక్కదు? స్కిన్ ఎఫెక్ట్ లెక్క

ఇండక్షన్ స్టవ్ మీద మామూలు అల్యూమినియం గిన్నె పెడితే స్టవ్ బీప్ కొట్టి ఆగిపోతుంది. అడుగున అయస్కాంతం గట్టిగా అతుక్కునే స్టీలు గిన్నె పెడితే కాసేపట్లోనే నీళ్లు మరుగుతాయి. దీనికి అందరూ చెప్పే కారణం ఒకటే: అల్యూమినియానికి అయస్కాంత గుణం లేదు, కాబట్టి అందులో కరెంటు పుట్టదు. ఇందులో మొదటి మాట నిజమే కానీ రెండోది తప్పు. అల్యూమినియం గిన్నె అడుగున కరెంటు పుడుతుంది, అదీ గట్టిగానే పుడుతుంది. అయితే అది పెద్దగా వేడిగా మారదు. ఎందుకు మారదో తెలియాలంటే ఆ కరెంటు గిన్నె అడుగు మందంలో ఎంత లోతు వరకు ప్రవహిస్తుందో లెక్కగట్టాలి. ఆ లోతు పేరే స్కిన్ డెప్త్.

ఇదే లెక్క గాజు పలక కింద ఉన్న రాగి కాయిల్‌కీ వర్తిస్తుంది, కానీ అక్కడ ఫలితం అవసరానికి ఎదురు తిరుగుతుంది. కరెంటు ఇలా పైపొరలో ఇరుక్కోవడాన్నే స్కిన్ ఎఫెక్ట్ అంటారు. అది గిన్నెకు మేలు, కాయిల్‌కు నష్టం. స్టవ్ డిజైన్ చేసేవాళ్ల పని చాలావరకు ఈ రెండింటి మధ్యే నడుస్తుంది. స్కిన్ ఎఫెక్ట్‌ను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఇంట్లో మరొకటి దొరకదు.

కరెంటు పైపొరకు ఎందుకు చేరుతుంది

ముందుగా ఒక అపోహ తొలగించాలి. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి కాబట్టి కరెంటు తీగ అంచులకు పోతుందని కొందరు అనుకుంటారు. అదే కారణమైతే బ్యాటరీకి కలిపిన తీగలోనూ అలాగే జరగాలి. కానీ డీసీ కరెంటు తీగ అడ్డుకోత అంతటా సమానంగా పరుచుకుంటుంది. స్కిన్ ఎఫెక్ట్ ఏసీలోనే వస్తుంది, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ముదురుతుంది. అంటే కారణం ఆవేశాల వికర్షణ కాదు, మారుతున్న అయస్కాంత క్షేత్రం.

ఒక లావుపాటి రాగి తీగను వెంట్రుకంత సన్నని పోగులు ఎన్నో పక్కపక్కన చేరిన కట్టగా ఊహించుకోవచ్చు. ప్రతి పోగు చుట్టూ దాని కరెంటు వల్ల అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఈ క్షేత్రం తీగ బయటే కాదు, లోపల కూడా ఉంటుంది. తీగ అంచున ఉన్న పోగును బయటి క్షేత్రరేఖలు మాత్రమే చుట్టుకుంటాయి. నడిమధ్యన ఉన్న పోగునైతే బయటి రేఖలతో పాటు లోపలి రేఖలు కూడా అన్నీ చుట్టుకుంటాయి. ఒక పోగును ఎంత ఎక్కువ క్షేత్రం చుట్టుకుంటే దాని ఇండక్టెన్స్, అంటే మారే కరెంటును అడ్డుకునే గుణం, అంత ఎక్కువ. కాబట్టి మధ్య పోగు ఇండక్టెన్స్ అంచు పోగుది కంటే ఎక్కువగా ఉంటుంది.

పోగులన్నీ రెండు చివరల్లో కలిసే ఉన్నాయి కాబట్టి అన్నింటి మీదా ఒకే వోల్టేజ్ పడుతుంది. ఫ్రీక్వెన్సీ తక్కువగా ఉన్నప్పుడు కరెంటును అదుపు చేసేది నిరోధం. అది అన్ని పోగులకూ సమానం కాబట్టి కరెంటూ సమానంగా పంచుకుంటుంది. ఫ్రీక్వెన్సీ పెరిగితే ఇండక్టెన్స్ వల్ల వచ్చే అడ్డంకి దానితో పాటే పెరిగి, ఒక దశలో నిరోధాన్ని మించిపోతుంది. అప్పుడు మధ్య దారి కష్టంగా, అంచు దారి సులువుగా మారుతుంది. కరెంటు అంచు దారినే ఎంచుకుంటుంది.

ఇదే విషయాన్ని మరో వైపు నుంచీ చూడవచ్చు. లెక్కకు ఈ చూపే ఎక్కువ ఉపయోగపడుతుంది. మారుతున్న అయస్కాంత క్షేత్రం ఒక లోహంలోకి ఉపరితలం నుంచి లోపలికి ప్రవేశిస్తుంది. లోపలికి వచ్చే ప్రతి మార్పూ లోహంలో సుడి కరెంట్లను పుట్టిస్తుంది, ఆ కరెంట్లు లెంజ్ నియమం ప్రకారం ఆ మార్పునే అడ్డుకుంటాయి. దానివల్ల క్షేత్రం ఒక్కసారిగా లోపలికి పోలేదు, మెల్లగా ఇంకుతుంది. అది కొంత లోతుకు ఇంకేలోపే బయట దిశ తారుమారై, ఎదురు దిశ క్షేత్రం ఇంకడం మొదలవుతుంది. ఇంకడానికి దొరికే సమయం ఎంత తక్కువైతే అది చేరే లోతు అంత తక్కువ. కరెంటును ఎవరో లోపలి నుంచి బయటకు తోసేయడం లేదు, లోపలికి పోవడానికి దానికి సమయం చాలడం లేదంతే.

లోతు లెక్క

క్షేత్రం లోహంలోకి ఇంకే వేగాన్ని రెండు గుణాలు నిర్ణయిస్తాయి. విశిష్ట నిరోధం ρ ఎక్కువైతే అడ్డుకునే కరెంట్లు బలహీనపడి క్షేత్రం సులువుగా ఇంకుతుంది. అయస్కాంత ప్రవేశ్యశీలత μ, అంటే లోహం ఎంత సులువుగా అయస్కాంతీకరణ చెందుతుందో చెప్పే కొలత, ఎక్కువైతే అడ్డంకి పెరిగి ఇంకడం నెమ్మదిస్తుంది. ఈ రెండింటి నిష్పత్తి ρ/μ. ఇంకే పద్ధతిలో జరిగే ఏ ప్రక్రియలోనైనా చేరే దూరం సమయానికి వర్గమూలంగా పెరుగుతుంది. ఇక్కడ దొరికే సమయం ఏసీ ఒక ఆవర్తనంలో కొంత భాగం, సరిగ్గా చెప్పాలంటే 1/(πf). ఇందులో f అంటే ఫ్రీక్వెన్సీ. ఈ మూడింటినీ కలిపితే స్కిన్ డెప్త్ δకు సూత్రం వచ్చేస్తుంది:

```
δ = √( ρ / (π · f · μ) )
```

గోళాకార వాహకాల విషయంలో ఈ ప్రభావాన్ని 1883లో హొరేస్ లాంబ్ లెక్కించారు. 1885లో ఆలివర్ హెవిసైడ్ దాన్ని ఏ ఆకారపు వాహకానికైనా వర్తించేలా విస్తరించారు.

రాగికి విశిష్ట నిరోధం సుమారు 1.72 × 10⁻⁸ ఓమ్ మీటర్లు. అయస్కాంతపరంగా రాగి శూన్యం లాంటిదే కాబట్టి μ విలువ 4π × 10⁻⁷. ఈ రెండు విలువలూ వేస్తే గుర్తుంచుకోదగ్గ చిన్న సూత్రం మిగులుతుంది: హెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీకి వర్గమూలం కట్టి, 66ను దానితో భాగిస్తే రాగి స్కిన్ డెప్త్ మిల్లీమీటర్లలో వస్తుంది. మన ఇళ్లకు వచ్చే 50 హెర్ట్జ్ దగ్గర ఇది 9.3 మిల్లీమీటర్లు. ఇంటి వైరింగ్‌లో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వ్యాసం 2 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. అందుకే ఇంటి వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్‌కు స్కిన్ ఎఫెక్ట్‌తో పనే పడదు. విద్యుత్ కేంద్రాల్లో కరెంటు మోసే లావుపాటి లోహపు కడ్డీలైన బస్‌బార్ల దగ్గర మాత్రం 50 హెర్ట్జ్‌లోనే ఇది లెక్కలోకి వస్తుంది.

ఇండక్షన్ స్టవ్ సంగతి వేరు. అది 50 హెర్ట్జ్ కరెంటును ముందు డీసీగా మార్చి, ఆ తర్వాత ట్రాన్సిస్టర్ స్విచ్‌లతో 20 కిలోహెర్ట్జ్ పైచిలుకు ఏసీగా మార్చి కాయిల్‌కు పంపుతుంది. లెక్క కోసం 25 కిలోహెర్ట్జ్ అనుకుందాం. 25,000కు వర్గమూలం 158. 66ను దానితో భాగిస్తే 0.42 మిల్లీమీటర్లు.

స్కిన్ డెప్త్ అంటే కరెంటు అక్కడ ఠక్కున ఆగిపోయే గీత కాదు. ఉపరితలం దగ్గరి కరెంటు సాంద్రతతో పోలిస్తే ఒక స్కిన్ డెప్త్ లోతున 37 శాతం, రెండింటి లోతున 13.5 శాతం, మూడింటి లోతున 5 శాతం మిగులుతుంది. తగ్గడంతో పాటు ఆలస్యం కూడా అవుతుంది: ప్రతి స్కిన్ డెప్త్‌కు 57 డిగ్రీల చొప్పున కరెంటు వెనకబడుతుంది. మూడు కంటే కొంచెం ఎక్కువ స్కిన్ డెప్త్‌ల లోతుకు వెళ్లేసరికి అక్కడి కరెంటు ఉపరితలంలోని కరెంటుకు ఎదురు దిశలో ప్రవహిస్తుంటుంది. చాలా పాఠాల్లో ఈ సంగతి ఒదిలేస్తారు గానీ, లావు తీగ లోపలి లోహం ఎందుకు పనికిరాదో ఇది స్పష్టంగా చూపిస్తుంది.

ఇంజనీర్లకు ఈ వంపు మొత్తంతో పని ఉండదు. కరెంటంతా δ మందం ఉన్న పొరలో సమానంగా ప్రవహిస్తోందని అనుకుని ఉష్ణ నష్టం లెక్కిస్తే, అసలు వంపుతో వచ్చే జవాబే వస్తుంది. వాహకం మందం δ కంటే బాగా ఎక్కువగా ఉన్నంతవరకు ఈ సులువు దారి నమ్మదగ్గదే. ఉపరితలం మీద ఒక చదరపు ముక్కకు ఉండే నిరోధం అప్పుడు ρ/δ అవుతుంది. గిన్నె రహస్యమంతా ఈ ఒక్క భిన్నంలో ఉంది.

గిన్నె అడుగున

కాయిల్ క్షేత్రం గిన్నె అడుగును తాకగానే, దాన్ని లోపలికి రానివ్వకుండా అడ్డుకునేంత కరెంటు ఆ లోహంలో పుడుతుంది. లోహం మందంగా ఉంటే ఆ కరెంటు పరిమాణం ఉపరితలం దగ్గరి క్షేత్రాన్ని బట్టి ఉంటుంది తప్ప లోహం పేరును బట్టి కాదు. క్షేత్రం ఒకటే అనుకుంటే స్టీలులోనూ అల్యూమినియంలోనూ దాదాపు ఒకే కరెంటు పుడుతుంది. తేడా వచ్చేది ఆ కరెంటు ఎంత నిరోధాన్ని దాటాలన్న దగ్గరే.

అల్యూమినియం విశిష్ట నిరోధం 2.8 × 10⁻⁸ చుట్టుపక్కల ఉంటుంది. 25 కిలోహెర్ట్జ్ దగ్గర స్కిన్ డెప్త్ 0.53 మిల్లీమీటర్లు, చదరానికి నిరోధం 0.053 మిల్లీఓమ్‌లు. అయస్కాంతం అతుక్కునే స్టెయిన్‌లెస్ స్టీలు విశిష్ట నిరోధం సుమారు 6 × 10⁻⁷, అంటే అల్యూమినియం కంటే ఇరవై రెట్లు ఎక్కువ. కానీ అసలు మలుపు ప్రవేశ్యశీలత దగ్గర వస్తుంది. స్టీలుకు అది శూన్యం కంటే 200 రెట్లు అనుకుంటే స్కిన్ డెప్త్ 0.17 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది. ఎక్కువ నిరోధం ఉన్న లోహం, పైగా కరెంటుకు సన్నని పొర: చదరానికి నిరోధం 3.4 మిల్లీఓమ్‌లు. అల్యూమినియంతో పోలిస్తే ఇది 65 రెట్లు.

ఈ 65 రెట్లు స్టవ్‌లో ఏం చేస్తాయో అంకెల్లో చూడొచ్చు. స్టీలు గిన్నె పెట్టినప్పుడు కాయిల్‌కు ఆ గిన్నె 2 ఓమ్‌ల నిరోధంలా కనిపిస్తోందని, కాయిల్ తీగ సొంత నిరోధం 0.022 ఓమ్‌లని అనుకుందాం. కాయిల్‌లో 30 ఆంపియర్లు ప్రవహిస్తే గిన్నెలో 1800 వాట్ల వేడి పుడుతుంది, కాయిల్‌లో 20 వాట్లు మాత్రమే పోతాయి. ఇప్పుడు అల్యూమినియం గిన్నె పెడదాం. కాయిల్‌కు కనిపించే నిరోధం 65వ వంతుకు, అంటే 0.03 ఓమ్‌లకు పడిపోతుంది. అదే 30 ఆంపియర్లతో గిన్నెకు 27 వాట్లు అందుతాయి, కాయిల్‌లో మునుపటిలాగే 20 వాట్లు పోతాయి. గిన్నెలో 1800 వాట్లు రావాలంటే 240 ఆంపియర్లు పంపాలి. అప్పుడు కాయిల్ ఒక్కటే దాదాపు 1280 వాట్లతో కాలిపోతుంది. పైగా అల్యూమినియం గిన్నె రాగి కాయిల్ ఇండక్టెన్స్‌ను బాగా తగ్గించి, సర్క్యూట్ ఏ ఫ్రీక్వెన్సీకి కుదురుకుని ఉందో ఆ అనునాదాన్ని చెదరగొడుతుంది. స్టవ్‌లోని కంట్రోలర్ ఈ తేడా గమనించి బీప్ కొట్టి ఆపేస్తుంది. స్విచ్‌లను కాపాడుకోవడానికి అది చేసే సరైన పని అదే.

అయస్కాంతంతో పరీక్షించమని చెప్పడం వెనక ఉన్న కారణం కూడా ఇదే. అయస్కాంతం అతుక్కుందంటే ప్రవేశ్యశీలత ఎక్కువ, ప్రవేశ్యశీలత ఎక్కువైతే స్కిన్ డెప్త్ తక్కువ, స్కిన్ డెప్త్ తక్కువైతే నిరోధం ఎక్కువ. అయస్కాంత గుణం లేకపోతే కరెంటే పుట్టదన్న అపోహను పూర్తిగా కొట్టిపారేసే వస్తువు వంటింట్లోనే ఉంది: అల్యూమినియం ఫాయిల్. పదిహేను మైక్రాన్ల ఫాయిల్ అల్యూమినియం స్కిన్ డెప్త్‌లో ముప్పై అయిదో వంతు మందం మాత్రమే. కరెంటుకు అందుబాటులో ఉన్న మందమే అంత కాబట్టి చదరానికి నిరోధం 1.9 మిల్లీఓమ్‌లకు చేరుతుంది, స్టీలు దరిదాపులకు వచ్చేస్తుంది. అందుకే పని చేస్తున్న ఇండక్షన్ స్టవ్ మీద ఫాయిల్ పడితే అది క్షణాల్లో వేడెక్కి కరిగిపోగలదు. ఈ ప్రయోగం ఇంట్లో చేయకూడదు. ఫాయిల్ గాజు పలకకు అంటుకుపోతుంది, చెయ్యి కాలుతుంది.

బజారులో దొరికే రెండు రకాల గిన్నెల మధ్య తేడా కూడా ఈ లెక్కతోనే తేలుతుంది. మంచి త్రీ ప్లై గిన్నెలో బయటి పొర అయస్కాంత స్టీలు, దానిపైన అల్యూమినియం, లోపల మామూలు స్టెయిన్‌లెస్ స్టీలు ఉంటాయి. బయటి పొర అర మిల్లీమీటరు ఉంటే అది దాదాపు మూడు స్కిన్ డెప్త్‌లతో సమానం. అల్యూమినియం దాకా చేరే క్షేత్రం 6 శాతమే. కాయిల్ దృష్టిలో అది పూర్తి స్టీలు గిన్నె, అల్యూమినియం పని వేడిని సమానంగా పరచడం వరకే. చవక అల్యూమినియం గిన్నెల అడుగున చిల్లుల స్టీలు పలక ఒత్తి ఇండక్షన్ బేస్ అని అమ్ముతుంటారు. చిల్లుల్లోంచి కనిపించే అల్యూమినియం మీద ఆ క్షేత్రం వేడి పుట్టించదు. స్టీలు ఉన్న విస్తీర్ణం ఎంతో వేడి కూడా అంతే. అయస్కాంతం అతుక్కుంటుంది, స్టవ్ ఆన్ అవుతుంది, వంట మాత్రం నెమ్మదిగా సాగుతుంది.

అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఎందుకన్న ప్రశ్నకు కూడా జవాబు దొరికినట్టే. అదే స్టీలుకు 50 హెర్ట్జ్ దగ్గర స్కిన్ డెప్త్ 3.9 మిల్లీమీటర్లు, అది గిన్నె మందం కంటే ఎక్కువ. మందం సరిపడా ఉందనుకున్నా నిరోధం 22 రెట్లు తగ్గిపోతుంది. 20 కిలోహెర్ట్జ్ పైన నడపడంలో స్టవ్ కూత చెవికి వినపడదన్న లాభం కూడా ఉంది. ఫ్రీక్వెన్సీని ఇంకా పెంచి, కాయిల్ చుట్లు కూడా పెంచితే అల్యూమినియం, రాగి గిన్నెలను కూడా వేడి చేయవచ్చు. జపాన్‌లో అలాంటి స్టవ్‌లు వచ్చాయి. అయితే ఫ్రీక్వెన్సీ నాలుగు రెట్లు చేస్తే ఉపరితల నిరోధం రెండు రెట్లే అవుతుంది. ఈ వర్గమూలం వల్లే ఆ దారి ఖరీదైనది.

కాయిల్ తీగలో

ఇప్పుడు గాజు పలక కిందికి వద్దాం. 3 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒంటి రాగి తీగతో కాయిల్ చుట్టారనుకుందాం. అడ్డుకోత వైశాల్యం 7.07 చదరపు మిల్లీమీటర్లు. కరెంటు 0.42 మిల్లీమీటర్ల పైపొరలోనే ఉందనుకుంటే ఉపయోగపడే వైశాల్యం ఇలా వస్తుంది:

```
A = π · (d − δ) · δ = 3.14 × 2.58 × 0.42 ≈ 3.4 mm²
```

అంటే సగం రాగి వృథా, నిరోధం రెట్టింపు. కాయిల్‌గా చుట్టాక పరిస్థితి ఇంకా దిగజారుతుంది. పక్క చుట్టు క్షేత్రం ఈ చుట్టులోని కరెంటును ఒక వైపుకు నెట్టేస్తుంది. దీన్ని ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు. బిగుతుగా చుట్టిన కాయిల్‌లో ఈ నష్టం స్కిన్ ఎఫెక్ట్ నష్టాన్ని మించిపోవడం మామూలే. ఒంటి తీగ సూత్రం మీదే ఆధారపడి కాయిల్ నష్టాన్ని అంచనా వేసేవాళ్లు తరచూ దెబ్బతినేది ఇక్కడే.

దీనికి మందు లిట్జ్ వైర్ అనే ప్రత్యేకమైన తీగ. అదే 7 చదరపు మిల్లీమీటర్ల రాగిని 0.3 మిల్లీమీటర్ల పోగులు వందగా చేసి, ప్రతి పోగుకూ ఎనామిల్ పూత వేసి, కలిపి పురి పెడతారు. సన్నని తీగకు వాడే అంచనా సూత్రం ఇది. ఇందులో Rac ఏసీలో నిరోధం, Rdc డీసీలో నిరోధం, a తీగ వ్యాసార్ధం:

```
Rac / Rdc ≈ 1 + (1/48) · (a/δ)⁴
```

వ్యాసార్ధం స్కిన్ డెప్త్‌తో సమానమైతే నష్టం 2 శాతమే పెరుగుతుంది. వ్యాసం రెండు స్కిన్ డెప్త్‌లకు మించకుండా చూసుకుంటే చాలన్న వాడుక నియమం దీని నుంచి వచ్చిందే. 0.3 మిల్లీమీటర్ల పోగుకైతే పెరుగుదల 0.03 శాతం, లెక్కలోకే రాదు. మరి 0.8 మిల్లీమీటర్ల పోగులతో సరిపెట్టుకోకుండా ఇంత సన్నవి ఎందుకు? ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ కోసం. పక్క పోగులన్నీ కలిసి పుట్టించే క్షేత్రం ప్రతి పోగులోనూ సుడి కరెంట్లు రేపుతుంది, వాటిని తగ్గించడానికి పోగు సన్నబడాల్సిందే.

ఎనామిల్ పూతకు ఎంత ప్రాధాన్యం ఉందో పురికీ అంతే ఉంది. పోగులను పక్కపక్కన తిన్నగా కట్టేస్తే మధ్య పోగు ఎప్పుడూ మధ్యనే, అంచు పోగు ఎప్పుడూ అంచునే ఉంటాయి. మొదట చెప్పిన ఇండక్టెన్స్ తేడా మళ్లీ వచ్చేస్తుంది, కరెంటు అంచు పోగులకే పోతుంది. ప్రతి పోగూ కాయిల్ పొడవునా మధ్య నుంచి అంచుకు, అంచు నుంచి మధ్యకు మారుతూ ఉంటేనే అన్నింటి సగటు ఇండక్టెన్స్ సమానమవుతుంది. మామూలు మల్టీ స్ట్రాండ్ హౌస్ వైర్‌లో సన్న పోగులే ఉన్నా అది ఈ పనికి రాకపోవడానికి కారణం అదే. అందులోని పోగులకు ఎనామిల్ లేదు కాబట్టి ఒకదాన్నొకటి తాకుతూ అవన్నీ కలిసి ఒకే లావు తీగలా ప్రవర్తిస్తాయి.

స్టవ్ రిపేర్‌లో తీగ చివర్లను కూడా చూడాలి. టెర్మినల్ దగ్గర టంకం వేసేటప్పుడు వంద పోగుల ఎనామిల్ పూర్తిగా పోకపోతే కొన్ని పోగులు కలవకుండానే మిగిలిపోతాయి. కలిసిన పోగులే మొత్తం కరెంటు మోయాలి, ఆ చోటు నల్లబడుతుంది, గిన్నె సరిగ్గానే ఉన్నా కాయిల్ అతిగా వేడెక్కుతుంది. దీన్ని మామూలు మల్టీమీటర్ పట్టుకోలేదు. కాయిల్ నిరోధమైన 20 మిల్లీఓమ్‌లంటే దాని వైర్ల నిరోధం కంటే తక్కువ. ఎంచుకున్న ఫ్రీక్వెన్సీలో నిరోధం, ఇండక్టెన్స్ కొలిచే, నాలుగు తీగల క్లిప్‌లు ఉన్న ఎల్‌సీఆర్ మీటర్‌తో, గిన్నె లేకుండా, కాయిల్ నిరోధాన్ని ముందు తక్కువ ఫ్రీక్వెన్సీలో, తర్వాత స్టవ్ నడిచే ఫ్రీక్వెన్సీకి దగ్గరలో కొలవాలి. తక్కువ ఫ్రీక్వెన్సీలోనే నిరోధం రాగి వైశాల్యం, పొడవులతో కట్టిన లెక్క కంటే ఎక్కువ వస్తే పోగులు తెగాయి లేదా టంకంలో కలవలేదు. అక్కడ సరిపోయి, పై ఫ్రీక్వెన్సీలో ఎన్నో రెట్లు పెరిగితే పోగులు ఉండాల్సిన దానికంటే లావుగా ఉన్నాయి, లేదా ఎనామిల్ కాలి పోగులు ఒకదానికొకటి అంటుకున్నాయి. కాయిల్ కింద ఉండే ఫెర్రైట్ కడ్డీల సొంత నష్టం కూడా ఈ కొలతలో కలుస్తుంది కాబట్టి, వీలైతే వాటిని తీసేసి మరోసారి కొలిచి చూడాలి.

గిన్నె వైపు లెక్కలో నమ్మకం తక్కువైన అంకె ఒకటే, అది స్టీలు ప్రవేశ్యశీలత. పైన తీసుకున్న 200 ఒక మధ్యస్థపు అంచనా. స్టీలు రకాన్ని బట్టి, వేడిని బట్టి అది మారుతుంది. కాయిల్ క్షేత్రం బలంగా ఉన్నప్పుడు ఉపరితలం ఇక అయస్కాంతీకరణ చెందలేనంతగా సంతృప్తమై ఆ విలువ బాగా పడిపోతుంది కూడా. ఆ అంకె నాలుగు రెట్లు తప్పయినా స్కిన్ డెప్త్‌లో తప్పు రెండు రెట్లే ఉంటుంది, ఉపరితల నిరోధంలోనూ అంతే. 65 రెట్లు కాస్తా 33 అయినా అల్యూమినియం గిన్నె విషయంలో తీర్పు మారదు. కానీ ఫలానా గిన్నెకు ఎన్ని వాట్లు అందుతాయో కచ్చితంగా చెప్పాలంటే సూత్రం చాలదు, ఆ గిన్నెను కాయిల్ మీద పెట్టి కొలవాల్సిందే.